వేరే దేశాల్లో ఉన్న విద్యార్థులకు క్లాసు టైము సరిగ్గా చూపించడం ఎలా?

ప్రశ్న: మా అమ్మ విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం చెబుతుంది. పిల్లలు న్యూజెర్సీ, డాలస్, లండన్, మెల్‌బోర్న్‌లలో ఉన్నారు. బుకింగ్ సైటు నేనే రాశాను. టైములన్నీ డేటాబేసులో యూటీసీలోనే ఉన్నాయి. పిల్లలు చేరినప్పుడు బ్రౌజరు నుంచి `getTimezoneOffset()` తీసుకుని ప్రొఫైల్లో దాస్తున్నాను. జనవరిలో అంతా బాగానే నడిచింది. మార్చిలో న్యూజెర్సీ వాళ్లు గంట ముందే వచ్చేశారు, ఏప్రిల్లో మెల్‌బోర్న్ వాళ్లు గంట ఆలస్యంగా వచ్చారు. ఒకావిడ శుక్రవారం రావాల్సింది శనివారం వచ్చారు. తప్పు ఎక్కడుంది?

జవాబు:

యూటీసీలో దాచడం తప్పు కాదు. తప్పు ప్రొఫైల్లో దాచిన ఆ అంకెలో ఉంది. ఆ అంకె తీసేసి దాని స్థానంలో టైమ్‌జోన్ పేరు దాచండి: `America/New_York`, `Australia/Melbourne`, ఇలా. బ్రౌజరే ఇస్తుంది:

```js
Intl.DateTimeFormat().resolvedOptions().timeZone
```

దీనితో మార్చి, ఏప్రిల్ గొడవ పోతుంది. శుక్రవారం, శనివారం తికమకకు కారణం వేరు, దాని గురించి కింద చెబుతాను. ఇంకొకటి కూడా ఉంది. మీరు అడగలేదు కానీ, ప్రతి వారం జరిగే క్లాసు ఎవరి గడియారం ప్రకారం నడవాలో మీ అమ్మగారు తేల్చి చెప్పకపోతే కోడు ఎంత సరిగ్గా రాసినా తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి.

ముందు మీ దగ్గర జరిగింది లెక్క వేసి చూద్దాం. శనివారం పొద్దున 6:30కి విజయవాడలో గ్రూప్ క్లాసు ఉందనుకోండి. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి అది యూటీసీలో శనివారం 01:00. జనవరిలో న్యూజెర్సీ యూటీసీకి ఐదు గంటలు వెనక ఉంటుంది, అంటే వాళ్లకు శుక్రవారం రాత్రి 8 గంటలు. ఆ రోజు బ్రౌజరు మీకు 300 అని ఇచ్చింది. (గుర్తు తిరగేసి ఇస్తుంది, మన దగ్గర అయితే -330 వస్తుంది.) మీరు దాన్ని దాచారు. 2026 మార్చి 8న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. అప్పటి నుంచి తేడా నాలుగు గంటలే. మార్చి 13 శుక్రవారం అసలు క్లాసు వాళ్ల గడియారంలో రాత్రి 9 గంటలకు. మీ సైటు మాత్రం పాత 300 పట్టుకుని 8 గంటలే చూపించింది. పిల్లలు 8కి వచ్చారు. అప్పుడు మనకు తెల్లవారుజాము 5:30, మీ అమ్మగారు ఇంకా లేచి కూడా ఉండరు.

మెల్‌బోర్న్‌లో ఇదే తిరగబడుతుంది. దక్షిణార్ధగోళం కాబట్టి జనవరి వాళ్లకు వేసవి, అప్పుడు యూటీసీకి 11 గంటలు ముందుంటారు. అదే క్లాసు వాళ్లకు శనివారం మధ్యాహ్నం 12. ఏప్రిల్ 5న వాళ్ల గడియారాలు గంట వెనక్కి వెళ్లాయి. ఏప్రిల్ 11న అసలు క్లాసు ఉదయం 11 గంటలకు, మీ సైటు చూపించింది 12. అందుకే గంట ఆలస్యం. ఒక దేశం వాళ్లు ముందూ, ఇంకో దేశం వాళ్లు ఆలస్యంగానూ వస్తున్నారంటే, అదీ గడియారాలు మారే వారాల్లోనే అయితే, ఎక్కడో ఒక ఆఫ్‌సెట్ అంకె నిలవ ఉండిపోయిందని అర్థం. సర్వరు గడియారం తప్పితే అందరికీ ఒకే వైపు తప్పుతుంది, నెలతో సంబంధం ఉండదు.

టైమ్‌జోన్ పేరు దాచితే ఈ సమస్య ఎందుకు రాదంటే, ఆ పేరు వెనక ఒక పట్టిక ఉంటుంది. ఫలానా చోట ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు యూటీసీకి ఎంత తేడా అన్నది, పాత సంవత్సరాలతో సహా, అందులో రాసి ఉంటుంది. ఆ పట్టికను ఐయానా ప్రచురిస్తుంది. మీ ఫోను, బ్రౌజరు, పోస్ట్‌గ్రెస్, పైథాన్ అన్నీ దాన్నే చదువుతాయి. అంకె ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది, పేరు ఏడాది పొడుగునా చెబుతుంది. పైగా అంకెను బట్టి ఊరు కనిపెట్టలేం: జనవరిలో 300 అంటే న్యూయార్క్ కావచ్చు, ఏడాదంతా గడియారం మార్చని లీమా కూడా కావచ్చు.

అందుకే చూపించేటప్పుడు కూడికలు, తీసివేతలు మీరు చేయకండి. పేరు ఇచ్చి పని బ్రౌజరుకు వదిలేయండి:

```js
new Intl.DateTimeFormat("te-IN", {
  weekday: "long", day: "numeric", month: "long",
  hour: "numeric", minute: "2-digit",
  timeZone: "America/New_York"
}).format(new Date("2026-03-14T01:00:00Z"));
```

ఇది మార్చి 13 శుక్రవారం, 9:00 PM అన్న టైము ఇస్తుంది. వారం ముందు తేదీ, `2026-03-07T01:00:00Z` ఇచ్చి చూడండి, మార్చి 6 శుక్రవారం, 8:00 PM వస్తుంది.

ఇప్పుడు ఎవరి గడియారం అన్న విషయం. పై లెక్కలో సైటు సరిగ్గా చూపించినా, న్యూజెర్సీ తల్లికి ఒక సంగతి మిగిలే ఉంటుంది: జనవరిలో 8కి ఉన్న క్లాసు మార్చి నుంచి 9కి ఎందుకు జరిగింది? ఎనిమిదేళ్ల పిల్లకు రాత్రి 9 అంటే నిద్రవేళ. సైటు పరంగా తప్పేం లేదు. మన దేశంలో గడియారం మారదు, వాళ్ల దగ్గర మారుతుంది, కాబట్టి ఇద్దరిలో ఒకరు గంట జరగక తప్పదు. క్లాసును విజయవాడ 6:30కి కట్టేస్తే పిల్లలు జరగాలి. న్యూజెర్సీ 8కి కట్టేస్తే మార్చి నుంచి నవంబరు వరకు మీ అమ్మగారు 5:30కి కూర్చోవాలి.

నా అనుభవంలో గ్రూప్ క్లాసులు గురువు గడియారానికి కట్టడమే నడుస్తుంది. న్యూజెర్సీ పిల్లా మెల్‌బోర్న్ పిల్లాడూ ఒకే గ్రూపులో ఉంటే ఇంకో దారి కూడా లేదు. ఒక్కరికే చెప్పే క్లాసు అయితే ఆ ఇంటివాళ్లతో మాట్లాడి ఎటో ఒకటి ఒప్పుకోవచ్చు. ఏది ఒప్పుకున్నా అది డేటాబేసులో కనిపించాలి. కాబట్టి వారం వారం జరిగే క్లాసుకు అసలు రికార్డు యూటీసీ టైము కాకూడదు, ఒక నియమం కావాలి: శనివారం, 06:30, `Asia/Kolkata`, 45 నిమిషాలు. లేదా శుక్రవారం, 20:00, `America/New_York`, 45 నిమిషాలు. ఆ నియమం నుంచి ఒక్కో తేదీకీ యూటీసీ టైము లెక్కగట్టి వేరే టేబుల్లో పెట్టుకోండి.

ఇక్కడ మీరు అనొచ్చు: మా దగ్గర యూటీసీ 01:00 అని పెట్టి వారం వారం ఏడు రోజులు కలుపుతున్నాం, అది సరిగ్గానే వస్తోంది కదా అని. నిజమే, విజయవాడకు కట్టిన క్లాసుకు వస్తుంది. భారతదేశం ఏడాదంతా యూటీసీకి ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి తప్పు బయటపడదు. న్యూజెర్సీ 8కి కట్టిన మొదటి క్లాసు పెట్టిన రోజు బయటపడుతుంది. మీ అమ్మగారి శిష్యురాలు ఎవరైనా లండన్‌లో ఉండి మీ సైటులోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టినా బయటపడుతుంది.

రెండు రకాల క్లాసులూ ఒకే గురువు దగ్గర ఉంటే ఢీకొనడం మొదలవుతుంది. బుకింగ్ సైట్లలో అందరూ వదిలేసేది ఇదే. ఉదాహరణకు ఒక అమ్మాయి క్లాసు న్యూజెర్సీ శనివారం రాత్రి 8కి కట్టి ఉంది. జనవరిలో అది మనకు ఆదివారం పొద్దున 6:30. మెల్‌బోర్న్ అబ్బాయి క్లాసు మన ఆదివారం 5:30కి కట్టి ఉంది, వాళ్లకు ఉదయం 11. జనవరిలో బుక్ చేసుకున్నప్పుడు రెండింటి మధ్యా గంట ఎడం, సైటు ఒప్పుకుంది. మార్చి 15 ఆదివారం వచ్చేసరికి న్యూజెర్సీ అమ్మాయి క్లాసు మన 5:30కి దిగింది. ఇద్దరూ ఒకేసారి గురువు ముందు ఉన్నారు. ఇలాంటిది ఒక వీణ టీచరుగారి దగ్గర చూశాను. ఆవిడ ఏ తప్పూ చేయలేదు, తల్లిదండ్రులూ చేయలేదు. సైటు మొదటి వారం మాత్రమే చూసి ఖాళీ ఉందని చెప్పింది.

కాబట్టి వారం వారం జరిగే బుకింగ్ వచ్చినప్పుడు మొదటి తేదీ ఒక్కటే చూడకండి. ఏడాది పొడుగునా వచ్చే తేదీలన్నీ నియమం నుంచి తీసి, అన్నిటినీ యూటీసీలో పోల్చి చూడండి. ఏ వారంలోనైనా తగులుకుంటే అప్పుడే చెప్పండి: "మార్చి 15 నుంచి ఈ స్లాటు ఖాళీ ఉండదు." డేటాబేసులో కూడా ఒక తాళం వేయండి. పోస్ట్‌గ్రెస్ అయితే ఇలా:

```sql
CREATE EXTENSION IF NOT EXISTS btree_gist;
ALTER TABLE sessions ADD CONSTRAINT no_overlap
EXCLUDE USING gist (
  teacher_id WITH =,
  tstzrange(starts_at, ends_at) WITH &&
);
```

ఇది విద్యార్థుల బుకింగుల టేబుల్ మీద కాదు, క్లాసుల టేబుల్ మీద పెట్టాలి. లేకపోతే గ్రూప్ క్లాసులో రెండో పిల్లవాణ్నే చేరనివ్వదు. 6:30కి అయిపోయే క్లాసూ 6:30కి మొదలయ్యే క్లాసూ దీని లెక్కలో తగులుకోవు, భయం లేదు.

శుక్రవారం రావాల్సిన ఆవిడ శనివారం ఎందుకు వచ్చారు? మీ కోడు చూడలేదు కానీ, ఈ లక్షణానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇది: వారం పేరు గానీ తేదీ గానీ ఒక చోట నుంచీ, గంట ఇంకో చోట నుంచీ వస్తాయి. క్లాసు పేరులోనే "శనివారం బ్యాచ్" అని ఉంటుంది, దాని పక్కన గంట మాత్రం వాళ్ల టైముకు మార్చి రాత్రి 8:00 అని పెడతారు. ఆవిడ చదివింది శనివారం రాత్రి 8:00. అలా ఒక క్లాసు అసలు ఎక్కడా లేదు. తేదీ, వారం, గంట మూడూ ఒకే యూటీసీ టైము నుంచి ఒకేసారి రావాలి. పైన ఇచ్చిన `Intl` కోడు అదే చేస్తుంది. బ్యాచ్ పేర్లలో వారాలు తీసేసి రాగం పేరో స్థాయి పేరో పెట్టమని మీ అమ్మగారికి చెప్పండి: సరళీ వరుసలు, జంట వరుసలు, గీతాలు, ఇలా.

దీని తోబుట్టువు ఇంకొకటుంది. `new Date("2026-03-14")` అని ఉత్త తేదీ ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. విజయవాడలో కూర్చుని చూస్తే 14 అనే కనిపిస్తుంది. న్యూజెర్సీలో 13 అయిపోతుంది. మన దేశంలో కూర్చుని ఎన్నిసార్లు పరీక్షించినా ఇది దొరకదు. క్యాలెండరులో తేదీ నొక్కితే ముందురోజు స్లాట్లు వస్తున్నాయని అమెరికా వాళ్లు మాత్రమే అంటుంటే అక్కడ వెతకండి.

స్లాట్ల పేజీలో కూడా రోజు అంటే చూసేవాళ్ల రోజే కావాలి. న్యూజెర్సీ తండ్రి మార్చి 13 నొక్కితే మీరు వెతకాల్సింది మన మార్చి 13లో కాదు. ఆయన ఊళ్లో 13 అర్ధరాత్రి నుంచి 14 అర్ధరాత్రి వరకు, అంటే యూటీసీలో 13వ తేదీ 04:00 నుంచి 14వ తేదీ 04:00 వరకు. ఆ రెండు చివరలూ వేర్వేరుగా టైమ్‌జోన్ పేరుతో లెక్కించండి, మొదటిదానికి 24 గంటలు కలపకండి. మార్చి 8న న్యూజెర్సీలో రోజుకు 23 గంటలే, నవంబరు 1న 25. 24 కలిపితే ఆ రెండు రోజుల్లో చివరి స్లాటు పక్క రోజులో కనిపించడమో, అసలు మాయమవడమో జరుగుతుంది.

తెర మీద ఏం రాయాలన్నది కూడా కోడంత ముఖ్యం. నేను పెట్టించేది ఇలా ఉంటుంది:

శుక్రవారం, మార్చి 13, రాత్రి 9:00 (న్యూయార్క్ సమయం)
గురువుగారికి: శనివారం, మార్చి 14, ఉదయం 6:30 (భారత సమయం)

రెండో వరుస చిన్న అక్షరాల్లో సరిపోతుంది. అది ఉంటే తల్లిదండ్రులు వాట్సాప్‌లో మీ అమ్మగారితో మాట్లాడుకునేటప్పుడు ఇద్దరూ ఒకే క్లాసు గురించి మాట్లాడుకుంటున్నారని తెలుస్తుంది. `EST`, `CST`, `IST` లాంటి పొట్టి పేర్లు వద్దు. అమెరికాలో చాలామంది ఎండాకాలంలో కూడా అలవాటుగా `EST` అనే రాస్తారు, దాన్ని అక్షరాలా తీసుకుంటే గంట తప్పుతుంది. `IST` అని ఇజ్రాయెల్ వాళ్లూ ఐర్లండ్ వాళ్లూ వాళ్ల టైముకు కూడా వాడతారు. డాలస్ వాళ్ల `CST` చైనాకు కూడా ఉంది.

ప్రొఫైల్లో టైమ్‌జోన్ ఎంచుకునే చోట పొడుగాటి జాబితా ఒక్కటే పెడితే జనం తప్పు నొక్కుతారు. బ్రౌజరు ఇచ్చిన పేరును ముందుగానే నింపి, పక్కన ఇలా అడగండి: "ఇప్పుడు మీ దగ్గర రాత్రి 9:12, సరేనా?" గడియారం చూసి చెప్పడం ఎవరికైనా తేలిక. అరిజోనా వాళ్లకు ఇది చాలా అవసరం. ఫీనిక్స్ గడియారం మార్చదు, డెన్వర్ మారుస్తుంది. జాబితాలో "మౌంటెన్" అని చూసి నొక్కితే చలికాలమంతా సరిగ్గా ఉండి ఎండాకాలంలో గంట తప్పుతుంది. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్, మెల్‌బోర్న్ తేడా కూడా ఇదే. ఐపీ అడ్రసు చూసి ఊరు ఊహించే పద్ధతి జోలికి పోకండి. ఆఫీసు వీపీఎన్‌లో ఉన్న తండ్రిని అది ఇంకో రాష్ట్రంలో చూపిస్తుంది. బ్రౌజరు ఇచ్చేది ఆయన కంప్యూటరులో పెట్టుకున్న టైమ్‌జోన్, వీపీఎన్ దాన్ని మార్చదు. ఒక చిన్న సంగతి: మన దేశానికి కొన్ని బ్రౌజర్లు `Asia/Kolkata` బదులు పాత పేరు `Asia/Calcutta` ఇస్తాయి. రెండూ ఒకటే, కానీ కోడులో అక్షరాలు పోల్చి చూస్తుంటే వేర్వేరు అనుకుంటుంది.

పేరు బ్రౌజరు నుంచి ప్రతిసారీ తీసుకుని ప్రొఫైలును దానంతటదే మార్చేయకండి. సెలవుల్లో పిల్లలు అమ్మమ్మగారింటికి వస్తారు. జూలైలో గుంటూరులో కూర్చుని వాళ్లమ్మ సెప్టెంబరు క్లాసులు బుక్ చేస్తుంది. అప్పుడు ఆవిడ బ్రౌజరు భారత సమయం చెబుతుంది, ఆవిడ మనసులో ఉన్నది న్యూజెర్సీ సాయంత్రం. ప్రొఫైల్లో ఒకటి, బ్రౌజరులో ఇంకొకటి కనిపిస్తే పేజీ పైన అడగండి: "మీరిప్పుడు భారత సమయంలో ఉన్నట్టున్నారు. టైములు ఏ ఊరి ప్రకారం చూపించమంటారు?" జవాబును ఆ పేజీ వరకే వాడండి. వాళ్లు ప్రత్యేకంగా మార్చమంటేనే ప్రొఫైలు మార్చండి, ఎందుకంటే సర్వరు నుంచి వెళ్లే రిమైండర్ మెయిళ్లకు బ్రౌజరు ఉండదు, అవి ప్రొఫైలునే నమ్ముకుంటాయి.

ముందు తేదీల యూటీసీ టైములు శాశ్వతం అనుకోకండి. ప్రభుత్వాలు నిబంధనలు మారుస్తుంటాయి. 2022లో మెక్సికో దేశంలో చాలా భాగానికి గడియారం మార్చడం మానేసింది, 2023లో ఈజిప్టు మళ్లీ మొదలుపెట్టింది. సర్వరులో టైమ్‌జోన్ పట్టిక కొత్తది వేసినప్పుడు జరగబోయే క్లాసులను నియమం నుంచి మళ్లీ లెక్కగట్టాలి. జరిగిపోయిన వాటిని ముట్టుకోకండి. నియమం దాచుకోమన్నది ఇందుకు కూడా.

ఉన్న డేటాను సరిదిద్దే విషయానికి వస్తే, పాత 300, -660 అంకెల నుంచి టైమ్‌జోన్ పేర్లు ఊహించి నింపకండి. కొత్త కాలమ్ ఖాళీగా పెట్టి, ఒక్కొక్కరూ తర్వాతిసారి లాగిన్ అయినప్పుడు బ్రౌజరు పేరు తీసుకుని, పైన చెప్పిన గడియారం ప్రశ్న అడిగి నింపండి. అది నిండేవరకు వాళ్లకు భారత సమయం మాత్రమే, అది భారత సమయమని స్పష్టంగా రాసి చూపించండి.

పరీక్షించడానికి నవంబరు దాకా ఆగక్కర్లేదు. శనివారం 6:30 క్లాసునే తీసుకుని ఈ తేదీలు పెట్టి చూడండి. అక్టోబరు 31న న్యూజెర్సీకి శుక్రవారం (30వ తేదీ) రాత్రి 9 రావాలి, నవంబరు 7న శుక్రవారం (6వ తేదీ) రాత్రి 8. మెల్‌బోర్న్‌కు అక్టోబరు 3న ఉదయం 11, అక్టోబరు 10న మధ్యాహ్నం 12. లండన్‌కు వేరే క్లాసు కావాలి, మన 6:30 వాళ్లకు అర్ధరాత్రి దాటాక వస్తుంది. మన శనివారం సాయంత్రం 6:30 తీసుకుంటే అక్టోబరు 24న మధ్యాహ్నం 2 గంటలు, 31న 1 గంట రావాలి. లండన్ అక్టోబరు 25న మారుతుంది, అమెరికా నవంబరు 1న. మధ్యలో ఉన్న ఆ ఒక్క వారంలో లండన్, న్యూయార్క్ మధ్య తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. మార్చిలో ఆ ఎడం ఏడాదిని బట్టి రెండు లేదా మూడు వారాలు ఉంటుంది. ఆ తర్వాత ఇవే పరీక్షలు సర్వరు టైమ్‌జోన్ మార్చి ఇంకోసారి నడపండి:

```sh
TZ=America/Los_Angeles npm test
```

ఒక్క జవాబు మారినా, కోడులో ఎక్కడో టైమ్‌జోన్ చెప్పకుండా తేదీ తయారుచేస్తున్నారన్నమాట. ఏ పరీక్ష తప్పిందో ఆ వరుస ఇక్కడ పెట్టండి, చూస్తాను.